గడియ లోపల, సాయం బయట

పొద్దున ఆరున్నర. పెద్దాయన బాత్రూంకి వెళ్లి చాలాసేపయింది. నల్లా నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కోడలు వంటింట్లోంచి ఒకసారి, మనవడు హాల్లోంచి ఒకసారి పిలిచారు. పలుకు లేదు. కొడుకు వచ్చి తలుపు తట్టాడు, తర్వాత బాదాడు. లోపల ఆరంగుళాల ఇనుప గడియ బిగించి ఉంది. ఎదురింటివాళ్లు వచ్చారు. ఒకరు గునపం కోసం పరుగెత్తారు, ఇంకొకరు వెంటిలేటర్‌లోంచి తొంగి చూడటానికి నిచ్చెన వెతికారు. ఈ హడావిడిలో ఎన్ని నిమిషాలు గడిచాయో ఎవరూ లెక్కపెట్టరు. లోపల పడి ఉన్న మనిషికి మాత్రం ప్రతి నిమిషమూ లెక్కే.

ఇది ఫలానా ఇంట్లో జరిగిందని చెప్పడం లేదు. సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఏ వీధిలో అడిగినా, ఇలాంటిదే ఒకటి తమకు తెలుసనే ఇల్లు దొరుకుతుంది. పడ్డ మనిషి గురించి, బీపీ గురించి, జారే టైల్స్ గురించి తర్వాత మాట్లాడుకుంటాం. తలుపుకు వేసిన గడియ గురించి ఎవరూ మాట్లాడరు. ఈ వారం మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మన ఇళ్లలో బాత్రూం తలుపులకు ఎక్కువగా కనిపించేది లోపలి వైపు బిగించిన టవర్ బోల్ట్. మన పల్లెల్లో బేడం అంటాం. అది చవక, గట్టిది, ఏళ్ల తరబడి పాడవదు. దానికున్న లోపం ఒక్కటే. లోపలి మనిషి తీస్తేనే అది వస్తుంది. బయటివారికి అందే భాగం దానికి లేదు. దొంగను ఆపడానికి పుట్టిన గడియను, స్నానం చేసేటప్పుడు మర్యాద కాపాడటానికి వాడుతున్నాం. బాత్రూంకి కావలసింది మర్యాద మాత్రమే. లోపల మనిషి ఉన్నారని తెలియాలి, ఎవరూ పొరపాటున తోసుకొని రాకూడదు. అవసరం పడితే ఇంటివాళ్లు తలుపు పగలగొట్టకుండా తెరవగలగాలి. ఈ మూడూ చేసే లాక్‌లు మన ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరుకుతాయి.

నిమిషాలకు ఎందుకంత విలువ?

పెద్దవాళ్లు ఇంట్లో మిగతా చోట్ల కన్నా బాత్రూంలో ఎక్కువ తూలిపోవడానికి కారణాలున్నాయి. తెల్లవారుజామున పక్క మీద నుంచి లేచి నేరుగా వెళతారు. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే బీపీ పడిపోతుంది. బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, ప్రొస్టేట్ కోసం వాడే కొన్ని మందులు ఆ పడిపోవడాన్ని ఇంకాస్త పెంచుతాయి. మలబద్ధకంతో ముక్కినప్పుడు, నిలబడి మూత్రం పోసేటప్పుడు, వేడి నీళ్ల స్నానం చేసేటప్పుడు కూడా మెదడుకు చేరే రక్తం కాసేపు తగ్గి కళ్లు తిరగవచ్చు. షుగర్ ఉన్నవారు ఏమీ తినకముందే మాత్ర వేసుకుంటే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. ఇవన్నీ సాధారణంగా పొద్దున్నే, గడియ వేసుకున్న గదిలోనే జరుగుతాయి.

పడటం ఒక ప్రమాదం. పడిన తర్వాత లేవలేక నేల మీదే ఉండిపోవడం రెండో ప్రమాదం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 90 ఏళ్లు దాటినవారిని ఏడాది పాటు గమనించారు. పడ్డవారిలో ప్రతి అయిదుగురిలో నలుగురు కనీసం ఒక్కసారైనా తమంతట తాము లేవలేకపోయారు. దాదాపు మూడో వంతు మంది గంట, అంతకన్నా ఎక్కువసేపు నేల మీదే ఉండిపోయారు. గట్టి నేల మీద ఒకే పక్కన గంటల తరబడి పడి ఉంటే కింద నలిగిన కండరం దెబ్బతింటుంది. అందులోంచి రక్తంలోకి చేరే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తడి నేల వల్ల ఒళ్లు చల్లబడుతుంది. తుంటి ఎముక విరిగితే ఆ నొప్పికి గట్టిగా అరవడం కూడా కష్టమే.

గుండె ఆగిన మనిషికి ఇంత వ్యవధి కూడా ఉండదు. ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టని ప్రతి నిమిషానికీ బతికే అవకాశం తగ్గిపోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వత నష్టం మొదలవుతుంది. పక్షవాతమైతే రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ నుంచైతే ఇంకో 40 కిలోమీటర్లకు పైనే. పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తే దారిలో పోయే సమయం మన చేతిలో లేదు. తలుపు దగ్గర పోయే సమయం మన చేతిలోనే ఉంది.

షాపులో ఏమని అడగాలి?

ఈ లాక్‌లన్నింటి సూత్రం ఒక్కటే. లోపలి వైపు బొటనవేలు, చూపుడు వేలితో తిప్పే చిన్న పిడి ఉంటుంది. దాన్నే థంబ్‌టర్న్ అంటారు. పావు చుట్టు తిప్పితే గడియ పడుతుంది. బయటి వైపు అదే ఇరుసు చివర ఒక గాడి ఉంటుంది. నాణెమో, స్క్రూడ్రైవరో ఆ గాడిలో పెట్టి తిప్పితే లోపలి గడియ వెనక్కి వస్తుంది. ఇదే ఎమర్జెన్సీ రిలీజ్. కొన్ని రకాల్లో గాడి బదులు సన్నని రంధ్రం ఉంటుంది. అందులోకి పిన్ను గుచ్చాలి.

మన షాపుల్లో ఇది నాలుగు రూపాల్లో దొరుకుతుంది. మొదటిది గుండ్రటి నాబ్ లాక్. అందులో బాత్రూం రకం వేరుగా ఉంటుంది. లోపల నొక్కే బటన్, బయట గాడి లేదా రంధ్రం ఉంటాయి. రెండోది షాపువాళ్లు బేబీ లాచ్ అనేది. పొడవాటి హ్యాండిల్‌తో, తలుపు మందంలోకి దిగే చిన్న పెట్టెతో వస్తుంది. మూడోది పడకగది తలుపుకు ముందే ఉన్న మోర్టైజ్ లాక్‌లో సిలిండర్ మాత్రమే మార్చుకోవడం. ఒకవైపు నాబ్, ఒకవైపు నాణెపు గాడి ఉండే సిలిండర్ విడిగా దొరుకుతుంది. తలుపు అంచున ఉన్న ఒక్క పొడవాటి స్క్రూ విప్పితే పాతది వస్తుంది. పాత సిలిండర్‌ను చేతిలో పట్టుకొని షాపుకు వెళ్లి అదే పొడవు తెచ్చుకోవాలి. నాలుగోది సినిమా హాళ్లు, ఆసుపత్రుల టాయిలెట్లలో చూసే ఎరుపు-పచ్చ సూచిక బోల్ట్. లోపల తిప్పితే బయట ఎరుపు కనిపిస్తుంది. అది తలుపు పైన బిగించేది, మందంలోకి చెక్కాల్సిన పని లేదు.

వీటిలో పెద్దవాళ్లకు ఏది మంచిదని అడిగితే, గుండ్రటి నాబ్ మాత్రం కాదనే చెప్పాలి. సబ్బు చేతికి అది జారుతుంది. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకున్న అమ్మమ్మ దాన్ని పిడికిలితో పట్టి తిప్పలేదు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకున్న పెద్దతరం ఇంకా మన మధ్యే ఉంది. వారికి మోచేత్తోనో అరచేత్తోనో కిందికి నొక్కితే తెరుచుకునే పొడవాటి హ్యాండిల్, రెండు వేళ్లకు నిండుగా ఆనే థంబ్‌టర్న్ ఉండాలి. షాపులోనే పెద్దావిడ చేత తిప్పించి చూడండి. చేతికి నూనె రాసుకుని తిప్పి చూస్తే ఇంకా మంచిది.

ఒక ఇల్లు, రెండు తలుపులు

సూర్యాపేటలో ఒక మామూలు ఇల్లు అనుకుందాం. తాతయ్యకు 76 ఏళ్లు, బీపీ మాత్ర, ప్రొస్టేట్ మాత్ర వాడతారు. నానమ్మకు మోకాళ్ల నొప్పులు. కొడుకు రోజూ మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసుకు వెళ్లివస్తాడు. కోడలు టీచర్. మనవడికి రెండున్నరేళ్లు. పెద్దవాళ్ల గదికి ఆనుకొని ఒక బాత్రూం, హాల్లో ఒకటి. మొదటిదానికి ఫ్లష్ డోర్, గ్రానైట్ దర్వాజా. రెండోదానికి పీవీసీ తలుపు.

మొదట టేపు పట్టి తలుపు మందం కొలవాలి. ఫ్లష్ డోర్ 30 మిల్లీమీటర్లు వచ్చింది. నాబ్ లాక్ పెట్టె మీద ఎంత మందం తలుపుకు సరిపోతుందో అచ్చువేసి ఉంటుంది. చాలావాటిలో అది 35 దగ్గర మొదలవుతుంది. ఇది చూడకుండా తెచ్చుకుంటే నాబ్ వదులుగా ఊగుతుంది, నాలుగు నెలల్లో ఊడుతుంది. పైగా ఆ లాక్ కోసం తలుపుకు 54 మిల్లీమీటర్ల వెడల్పు రంధ్రం చేయాలి. చేశాక వెనక్కి పోలేం. అందుకే ఈ తలుపుకు బేబీ లాచ్ ఎంచుకున్నారు. దాని పెట్టె మందం 15 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి రెండు పక్కలా చెక్క మిగులుతుంది.

ఇక్కడే చాలా ఇళ్లలో పని ఆగిపోతుంది. లాక్ నాలుక వెళ్లి కూర్చోవడానికి దర్వాజాలో గుంట కావాలి. దర్వాజా చెక్కదైతే కార్పెంటర్ ఉలితో పది నిమిషాల్లో తీస్తాడు. గ్రానైట్ అయితే అది ఉలి పని కాదు, రాయి కోసే మిషన్ ఉన్న మనిషి రావాలి. ఆయన్నూ కార్పెంటర్‌నూ ఒకే రోజు పిలిపించుకోవాలి. లేదంటే తలుపుకు లాక్ బిగించి, దర్వాజాకు గుంట లేక, పాత గడియనే వాడుకుంటూ ఉంటాం. రాయి కోయించడం ఇష్టం లేకపోతే నాలుగో రకం, అంటే పైన బిగించే సూచిక బోల్ట్ నయం. దాని రెండో ముక్కను గ్రానైట్‌కు డ్రిల్ చేసి ప్లగ్‌లతో బిగిస్తే చాలు.

పీవీసీ తలుపు సంగతి వేరు. అది లోపల బోలు. మందంలోకి చెక్కే లాక్ ఏదీ దానిలో నిలవదు. మామూలు స్క్రూలతో బిగించినది కూడా కొన్నాళ్లకు ఊడి వస్తుంది. అందుకని సూచిక బోల్ట్‌నే ఎంచుకొని, ఇటు నుంచి అటు దూసుకుపోయే బోల్టులతో, లోపల ఒక రేకు, బయట ఒక రేకు వేసి నట్లతో బిగించాలి. అప్పుడు బరువంతా ఆ రేకుల మీద పడుతుంది, ప్లాస్టిక్ మీద పడదు.

ఎత్తు ఎంత? నేల నుంచి సుమారు మూడడుగులు. కమోడ్ దగ్గర కూర్చున్నా, నేల మీద పడి ఒక చెయ్యి ఎత్తగలిగినా అందే అవకాశం ఉంటుంది. అంత కిందకు పెడితే మనవడికీ అందుతుంది కదా అంటారు. అందనివ్వండి. వాడు వేసుకున్నా బయట నుంచి నాణెంతో తీయవచ్చు. పాత పద్ధతిలో పిల్లలకు అందకూడదని గడియను అయిదడుగుల పైన పెట్టేవాళ్లం. అది పిల్లవాణ్ని కాపాడేది, నానమ్మను మునివేళ్ల మీద నిలబెట్టేది. ఇప్పుడు ఆ బేరం అక్కర్లేదు.

పని అయ్యాక ఈ ఇంట్లో కొడుకు చేసిన చివరి పనే అన్నిటికన్నా ముఖ్యమైనది. పాత టవర్ బోల్ట్‌ను విప్పి పారేశాడు. చాలామంది ఇది చేయరు. కొత్త లాక్ ఉన్నా, పాతది కూడా ఉండనీ అని వదిలేస్తారు. నలభై ఏళ్ల అలవాటున్న తాతయ్య చెయ్యి నేరుగా పాత గడియ మీదికే వెళుతుంది. కొత్త లాక్ బయట గాడిలో ఎన్ని నాణేలు తిప్పినా తలుపు కదలదు. పాత గడియ తలుపు మీద ఉన్నంత కాలం కొత్త లాక్ లేనట్టే.

ఆ తర్వాత పరీక్ష. నానమ్మ లోపలికి వెళ్లి గడియ వేసుకోవాలి. కోడలు బయట నుంచి, పిల్లవాడు చంకలో ఉండగా, ఒక చేత్తో తెరవాలి. ఏ నాణెం ఆ గాడిలో పడుతుందో అప్పుడే తేలుతుంది. కొన్నింటికి రూపాయి నాణెం మందమైపోయి స్క్రూడ్రైవరే కావాలి. ఏది సరిపోతే దాన్ని దారం కట్టి దర్వాజా పైన, పెద్దలకు మాత్రమే అందేలా వేలాడదీయండి. అది అక్కడుందని పనిమనిషికీ, పక్కింటివాళ్లకూ చెప్పండి. ఆపద వేళ స్క్రూడ్రైవర్ ఎక్కడుందో వెతకాల్సి వస్తే, గునపం కోసం పరుగెత్తడానికీ దీనికీ తేడా లేదు.

లాక్ తెరుచుకున్నా తలుపు తెరుచుకోకపోతే?

ఇది లాక్ అమ్మేవాళ్లు చెప్పని సంగతి. మన బాత్రూం తలుపులు దాదాపు అన్నీ లోపలికి తెరుచుకుంటాయి. తడి నీళ్లు గదిలోకి కారకూడదని అలా పెడతాం. నాలుగడుగుల వెడల్పు బాత్రూంలో మనిషి పడితే ఒళ్లు తలుపుకు అడ్డంగా పడుతుంది. బయట లాక్ తీసినా తలుపు నాలుగు వేళ్ల సందుకు మించి రాదు. బలంగా తోస్తే విరిగిన తుంటి మీదే తోస్తాం. బందుల పిన్నులు తీసేస్తే సరి అనుకుంటారు కొందరు. లోపలికి తెరుచుకునే తలుపుకు బందుల ముడి కూడా లోపలి వైపే ఉంటుంది. బయటివారికి అది అందదు.

కనుక పెద్దవాళ్లు వాడే బాత్రూంకి తలుపు బయటికి తెరుచుకునేలా మార్చగలిగితే అదే సరైన పని. బందులు అటు నుంచి ఇటు మార్చాలి, దర్వాజాలోని ఆనుడు అంచు అడ్డం వస్తే దాన్ని సరిచేయాలి. బయట మంచమో బీరువానో తగలకుండా చూసుకోవాలి. నీళ్లు కారకుండా గడప దగ్గర చిన్న పట్టీ చాలు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారైతే మేస్త్రీకి ఈ మాట ముందే చెప్పండి, అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. చోటు లేకపోతే జరిగే తలుపు ఇంకో దారి. ఇవేవీ కుదరని ఇంట్లో, ఒంట్లో బాగాలేని పెద్దవాళ్లు తలుపు దగ్గరగా వేసుకొని, గడియ వేయకుండా, బయట ఒక తువ్వాలు వేలాడదీయడమే మేలు. తువ్వాలు ఉంటే లోపల మనిషి ఉన్నట్టు లెక్క.

ఇదంతా మరీ అతి జాగ్రత్త అనిపించవచ్చు. మన కేంద్ర ప్రభుత్వం 2016లోనూ మళ్లీ 2021లోనూ ప్రకటించిన సౌలభ్య మార్గదర్శకాలు దివ్యాంగులు వాడే మరుగుదొడ్లకు అడుగుతున్నది ఇదే. తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకు జరగాలి, లోపల గడియ వేసుకున్నా ఆపదలో బయట నుంచి తీయగలగాలి. ఆసుపత్రిలో, రైల్వే స్టేషన్‌లో ఎవరో తెలియని మనిషి కోసం పెట్టిన నియమం, మన ఇంట్లో మన అమ్మానాన్నల కోసం పాటించడానికి అడ్డేమిటి?

పిల్లలు లోపల చిక్కుకుంటే

రెండేళ్ల పిల్లలకు గడియ వేయడం ఆట. తీయడం చేతకాదు. ఏడుస్తున్న పిల్లవాడికి ఎటు తిప్పాలో చెప్పినా అర్థం కాదు. బాత్రూంలో ఉన్న అసలు ప్రమాదం వేడి నీళ్ల నల్లా, నిండుగా ఉన్న బకెట్. చిన్న పిల్లలు బకెట్‌లోకి వంగి తలకిందులైతే తిరిగి లేవలేరు. కొద్దిపాటి నీళ్లే చాలు, చప్పుడు కూడా రాదు. కాబట్టి పిల్లలున్న ఇంట్లో రాత్రి బకెట్లు బోర్లించి పెట్టాలి. పెద్దలు లేనప్పుడు పిల్లలు బాత్రూంలోకి వెళ్లకుండా బయట వైపు అయిదడుగుల ఎత్తున ఒక గడియ ఉండటం మంచిదే. అదే గడియ కింద, పిల్లల చేతికందేలా ఉంటే కథ మారుతుంది. నానమ్మ లోపల స్నానం చేస్తుంటే మనవడు బయట గడియ పెట్టి ఆడుకోవడానికి పోతాడు.

పాత గడియ ఉన్న ఇంట్లోనే ఇది ఈరోజే జరిగితే ఏం చేయాలి? మొదట గీజర్ స్విచ్ బయట ఉంటే ఆపండి, లేకపోతే మెయిన్ ఆపండి. ఒకరు తలుపు దగ్గర కూర్చుని పిల్లవాడితో మెల్లగా మాట్లాడుతూ ఉండాలి, ‘నాన్నా, ఇక్కడే ఉన్నా, తలుపు దగ్గరికి రా’ అని. నీళ్ల దగ్గర నుంచి వాణ్ని తలుపు వైపు రప్పించడమే ఆ మాటల పని. రెండో మనిషి వెంటిలేటర్ చూడాలి. పీవీసీ తలుపైతే గడియ ఉన్న చోటి పలకను కత్తితోనో రంపంతోనో కోసి చెయ్యి పెట్టవచ్చు. చెక్క తలుపైతే నడుమ కాదు, గడియ ఉన్న పక్కన కొట్టాలి. ఊడాల్సింది గడియ స్క్రూలే. అంతకు ముందు పిల్లవాడు తలుపుకు ఆనుకొని లేడని చూసుకోవాలి. లోపలి నుంచి పలుకు ఆగిపోతే ఒకరు తలుపు పని చేస్తుండగానే మరొకరు 108కి, 101కి ఫోన్ చేయాలి.

మర్యాద పోతుందన్న భయం

బయట నుంచి తీయగలిగే లాక్ అంటే ఇంట్లో ఆడపిల్లలు, కోడళ్లు జంకుతారు. ఆ జంకు న్యాయమైనదే. దాన్ని తీసిపారేయకూడదు. ఈ లాక్ తనంతట తాను తెరుచుకోదు. ఎవరో కావాలని నాణెం తెచ్చి తిప్పాలి. సూచిక బోల్ట్ అయితే ఎరుపు రంగు చూశాక పొరపాటు అనడానికి వీల్లేదు. అయినా ఇంట్లో ఒక మాట అనుకోవాలి. మూడుసార్లు పేరు పెట్టి పిలిచి, పలుకు లేకపోతేనే తీయాలి. రెండు బాత్రూంలు ఉంటే పెద్దలు, పిల్లలు వాడేదానికి ముందు మార్చి, రెండోదాని సంగతి దాన్ని వాడేవారికే వదిలేయవచ్చు. అద్దెకుండేవారితో, బయటివారితో కలిసి వాడే బాత్రూం అయితే ఈ సలహా వర్తించదు. అక్కడ లోపలి మనిషి భద్రతే ముందు.

పెద్దవాళ్ల జంకు ఇంకో రకం. ‘నాకేమైందిరా, నేనేం పసిపిల్లాణ్నా?’ అంటారు నాన్న. ఆయనతో రోగం గురించి మాట్లాడకండి. మనవడి కోసం పెడుతున్నామని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు.

వీధి తలుపు మరిచిపోవద్దు

మన మూడు పట్టణాల్లో పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇద్దరే పెద్దవాళ్లు, కొన్నిచోట్ల ఒక్కరే ఉంటున్న ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ బాత్రూం లాక్ మార్చినా వీధి తలుపుకు లోపల మూడు గడియలు ఉంటే ఫలితం లేదు. గాయని వాణీ జయరాం 2023 ఫిబ్రవరి 4న చెన్నైలోని తన ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కింద పడి తలకు గాయమై మరణించారు. పనికి వచ్చిన మనిషి బెల్ కొట్టినా పలుకు లేకపోవడంతో బంధువులకు కబురు చేయాల్సి వచ్చింది. ముందే తలుపు తెరుచుకుని ఉంటే ఆమె బతికేవారో లేదో ఎవరూ చెప్పలేరు. ఒంటరిగా ఉండే పెద్దవారి ఇంటి తాళం చెవి, అడుగు దూరంలో ఉన్న నమ్మకస్తుల దగ్గర ఒకటి ఉండాలని మాత్రం చెప్పగలం. పగలు బయట నుంచి తాళం చెవితో తీయగలిగే లాక్ ఒక్కటే వేసుకోవాలి. లోపలి గడియలు రాత్రికి ఉంచుకోవచ్చు. పడితే నొక్కడానికి మెడలో బటన్లు, చేతికి గడియారాలు వస్తున్నాయి కదా అంటే, పైన చెప్పిన అధ్యయనంలోనే అలాంటి అలారం అందుబాటులో ఉండి కూడా ఒంటరిగా పడ్డవారిలో ఎక్కువమంది దాన్ని వాడలేదు. నొక్కగలిగితే మంచిదే. తలుపు అవతలి మనిషి లోపలికి రాగలగాలి, అది మరీ ముఖ్యం.

లాక్ బిగించాక పని అయిపోయినట్టు కాదు. బాత్రూం తేమకు, మన బోరు నీళ్ల ఉప్పుకు లోపలి ఇనుప ఇరుసు తుప్పు పడుతుంది. వర్షాకాలంలో చెక్క తలుపు ఉబ్బుతుంది, బందులు వదులై తలుపు కిందికి దిగుతుంది. తలుపును కాస్త పైకెత్తితేనో, భుజంతో నెడితేనో గడియ పడుతోందంటే, బయట నుంచి నాణెంతో తిప్పినప్పుడు అది కదలదని అర్థం. ఆ రోజే కార్పెంటర్‌ను పిలవండి. మూడు నెలలకొకసారి, కరెంటు బిల్లు కట్టే రోజున అనుకోండి, ఒకరు లోపల గడియ వేసుకుంటే ఇంకొకరు బయట నుంచి తీసి చూడండి. స్టీల్ లాక్‌కు స్టీల్ స్క్రూలే వాడమని అడగండి. మామూలు ఇనుప స్క్రూ తుప్పు పట్టి మొత్తం లాక్‌ను వదులు చేస్తుంది.

సూచిక బోల్ట్ కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. బేబీ లాచ్ దానికన్నా ఎక్కువ, అయినా ఇంటికి వేసే రంగుల ఖర్చుతో పోలిస్తే తక్కువే. ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ ఇంట్లో అమ్మ గానీ నాన్న గానీ వాడే బాత్రూం తలుపు ముందు నిలబడండి. లోపల గడియ పడి ఉందనుకోండి. ఏమీ పగలగొట్టకుండా దాన్ని తీయగలరా? తీయలేకపోతే, టేపు పట్టి తలుపు మందం కొలిచి కాగితం మీద రాసుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లండి. తిరిగొచ్చి కొత్తది బిగించాక, పాత గడియను మాత్రం మరిచిపోకుండా విప్పేయండి.